తాళంచెవుల దొంగ

శనివారాలు మా ఊరి సర్కారు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్తుంటాను. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ నాది. ప్లేట్లు కడిగి, గ్రౌండ్‌లో పరుగెత్తి, చెమటలతో వచ్చి పడతారు 38 మంది. మొదటిరోజు "సైలెన్స్!" అని అరిచా. నా గొంతు పెరిగితే వాళ్ల గొంతూ పెరిగింది. 40 నిమిషాల్లో 15 అక్కడే పోయాయి.

ఇప్పుడు అరవను. ముందు కుర్చీలో ఒకరిని కళ్లు మూయించి కూర్చోబెడతా. కుర్చీ కింద నా బండి తాళాల గుత్తి. నేను వేలు చూపించినవాళ్లు చప్పుడు కాకుండా వచ్చి దాన్ని ఎత్తుకెళ్లాలి. కాపలా వాడు చప్పుడు వినబడ్డ వైపు వేలు చూపిస్తాడు. సరిగ్గా చూపిస్తే దొంగ ఔట్. తప్పు చూపించే ఛాన్స్ రెండుసార్లే.

మొదట్లో అల్లరి చేసేవాళ్లనే దొంగగా పిలిచా. బుద్ధి తక్కువ పని! అందరూ పిలుపు కోసం ఇంకా అల్లరి చేశారు. ఇప్పుడు కదలకుండా కూర్చున్న బెంచీకే ఛాన్స్. మాట్లాడొద్దని వాళ్లే పక్కవాళ్లకు సైగ చేస్తున్నారు.

మూడు రౌండ్లు చాలు, నాలుగైదు నిమిషాలు. వెనక బెంచీల్లో కిసకిసలు మొదలైతే అప్పటికే ఎక్కువైందన్నమాట. చివరి రౌండ్ అయ్యాక ఆ నిశ్శబ్దంలోనే, చిన్నగా, "నోట్స్ తీయండి" అంటా.

ఒక్క చిక్కు, ఫ్యాన్ హోరులో తాళాల చప్పుడు వినబడదు. ఎండాకాలంలోనూ ఆ కాసేపు ఫ్యాన్ ఆపాల్సిందే. "సార్, ఉక్కపోస్తోంది" అని గుసగుసగా అంటారు.