గేమ్ కంట్రోలర్: ‘నొక్కారా?’ నుంచి ‘ఎంత?’ దాకా

వీడియో గేమ్ కంట్రోలర్‌లో ఎడమ బొటనవేలి కింద ప్లస్ గుర్తులా ఉండే మీటను డి-ప్యాడ్ అంటారు. నింటెండోలో పనిచేసిన గున్‌పేయ్ యోకోయ్ దీన్ని 1982లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ చేతి ఆట యంత్రం కోసం రూపొందించాడు. మరుసటి ఏడాది అది ఫామికామ్ కంట్రోలర్‌లోకి చేరింది. దాని మధ్యలో ఒక ఊత, నాలుగు కొసల కింద నాలుగు స్విచ్చులు ఉంటాయి. ఒక కొసను నొక్కితే ఎదుటి కొస పైకి లేస్తుంది కాబట్టి కుడి, ఎడమ ఒకేసారి పడవు. పక్కపక్క కొసలు రెండూ పడితే మూలగా కదలిక వస్తుంది. అలా మొత్తం ఎనిమిది దిశలు. అయితే స్విచ్చుకు తెలిసేది నొక్కారా లేదా అన్నంతవరకే.

త్రీడీ ఆటలకు అది చాలలేదు. 1996లో నింటెండో 64తో వచ్చిన ‘సూపర్ మారియో 64’లో అనలాగ్ స్టిక్‌ను కొద్దిగా వంచితే మారియో మెల్లగా నడుస్తాడు, పూర్తిగా వంచితే పరుగెత్తుతాడు. 1997లో సోనీ డ్యుయల్‌షాక్‌లో రెండు స్టిక్‌లు పెట్టింది. ఒకదానితో పాత్రను నడుపుతూ, రెండోదానితో చూపు తిప్పే పద్ధతి క్రమంగా స్థిరపడింది.

ఇలాంటి స్టిక్ కింద సాధారణంగా రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి, అడ్డానికి ఒకటి, నిలువుకు ఒకటి. స్టిక్ వంగినకొద్దీ మారే వోల్టేజిని కంట్రోలర్ 0 నుంచి 255 వరకు అంకెలుగా మారుస్తుంది. వదిలేసినప్పుడు అంకె 128 దగ్గర ఉండాలి. అది కచ్చితంగా అక్కడే నిలవదు కాబట్టి, ఇరువైపులా పదేసి అంకెల మేర కదలికను పట్టించుకోవద్దని ఆటలో రాశారనుకుందాం. దీన్ని డెడ్ జోన్ అంటారు. లోపలి కార్బన్ పూత అరిగి, వదిలేసిన స్టిక్ కూడా 145 చూపిస్తే అది డెడ్ జోన్ దాటినట్టే. ఎవరూ ముట్టుకోకపోయినా పాత్ర పక్కకు నడుస్తుంది. ఈ లోపమే డ్రిఫ్ట్. డెడ్ జోన్ పెంచితే అది కనిపించదు కానీ, సున్నితమైన కదలికలు కూడా పోతాయి.

చూపుడువేళ్ల కింద ఉండే ట్రిగ్గర్లదీ ఇదే సూత్రం. 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్‌లో ట్రిగ్గర్ ఎంత లోపలికి వెళ్లిందో అయస్కాంతం, హాల్ సెన్సర్ కలిసి కొలిచేవి. ఒకదానికొకటి తగలవు కాబట్టి సెన్సర్‌లో అరిగే పూత ఉండదు. కారు ఆటల్లో యాక్సిలరేటర్‌ను సగం వరకే నొక్కడం దీనివల్ల వీలైంది.

2006లో వచ్చిన నింటెండో వీ చేతి కదలికనే కొలవసాగింది. అందులోని యాక్సెలరోమీటర్ భూమ్యాకర్షణను బట్టి రిమోట్ ఎటు వంగిందో చెప్పగలదు. రిమోట్‌ను గట్టిగా విసురుతున్నప్పుడు మాత్రం ఆ విసురు, ఆకర్షణ కలిసిపోయి ఏది ఎంతో తేలదు. అందుకే 2009లో మోషన్‌ప్లస్ అనే తోడు పరికరంతో తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్‌ను జోడించారు. గైరో లెక్కలో చిన్న తప్పులు పోగుపడతాయి. వాటిని సరిదిద్దడానికి మళ్లీ యాక్సెలరోమీటరే ఆధారం. అందుకే కదలికను కొలిచే నేటి కంట్రోలర్లలో ఈ రెండూ కలిసే ఉంటాయి.