ఒక్క చీర, రెండు ఆర్డర్లు

చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకోండి. ఎర్రంచు పోచంపల్లి పట్టుచీర ఒక్కటే మిగిలింది. వరంగల్‌లో ఒకావిడ, డాలస్‌లో మరొకావిడ ఇంచుమించు ఒకే క్షణంలో కొనే బటన్ నొక్కారు. ఇద్దరి ఖాతాల్లోనూ డబ్బు కట్ అయింది. ఆర్డరు ఖాయమైందని ఇద్దరికీ మెసేజ్ వెళ్లింది. బీరువాలో ఉన్న చీర మాత్రం ఒక్కటే. మర్నాడు ప్యాకింగ్ చేసేటప్పుడు గానీ సంగతి బయటపడదు. అప్పుడు ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేసి చీర లేదని చెప్పాలి. కూతురి పెళ్లికని కొనుక్కున్నామని వాళ్లంటే ఏం జవాబు చెప్పాలో తెలియదు.

ఆ వెబ్‌సైటు ప్రోగ్రామును ఒక్కో వరుసా విడిగా చదివితే తప్పెక్కడా కనబడదు. అది చేసే పనులు మూడే. స్టాకు ఎంతుందో డేటాబేస్‌లో చూస్తుంది. సున్నా కంటే ఎక్కువుంటే ముందుకెళ్తుంది. ఒకటి తగ్గించి కొత్త అంకె రాసి, ఆర్డరు నమోదు చేస్తుంది. ఒక్కరే కొంటున్నంతసేపూ ఇది సవ్యంగానే నడుస్తుంది. చిక్కంతా చూడటానికీ రాయడానికీ మధ్య ఉన్న కొన్ని మిల్లీసెకన్లలో ఉంది.

ఆ క్షణాన్ని సాగదీసి చూద్దాం. వరంగల్ ఆవిడ తరఫున నడుస్తున్న ప్రోగ్రాము స్టాకు చదివింది: 1. నాలుగు మిల్లీసెకన్ల తర్వాత డాలస్ ఆవిడ తరఫు ప్రోగ్రాము చదివింది. ఇంకా ఎవరూ ఏమీ మార్చలేదు కాబట్టి దానికీ 1 కనిపించింది. మొదటిది 0 అని రాసి ఆర్డరు వేసింది. రెండోది కూడా, తాను చూసిన ఒకటిలోంచి ఒకటి తీసేసి, 0 అని రాసి ఆర్డరు వేసింది. దీన్నే రేస్ కండిషన్ అంటారు. ఎవరి అడుగు ముందు పడిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది చివరి అంకె. స్టాకు 0 చూపిస్తోంది. చూసేవారికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. తప్పు జరిగిందని తెలియాలంటే, మొదట ఎన్ని చీరలు పెట్టామో, ఎన్ని ఆర్డర్లు నమోదయ్యాయో రెండూ కూడబెట్టి పోల్చి చూడాలి. పైగా వెబ్‌సైటు తయారుచేసినవారు ఒక్కరే కూర్చుని పరీక్షిస్తే ఇది ఎన్నటికీ బయటపడదు. దసరా అమ్మకాల్లో వందలమంది ఒకేసారి వచ్చిన రోజే బయటపడుతుంది.

దీనికి మందు ట్రాన్సాక్షన్ అని చాలామంది చెబుతారు. అది సగం నిజం. ట్రాన్సాక్షన్ అంటే కొన్ని పనులను ఒకే మూటగా కట్టడం. జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. స్టాకు తగ్గించాక, ఆర్డరు రాసేలోగా సర్వరు ఆగిపోయిందనుకోండి. తగ్గించిన అంకెను డేటాబేస్ వెనక్కి తీసుకుంటుంది. చీర గాల్లో కలిసిపోదు. ఈ ఆలోచనకూ, దానికి తోడైన లాకుల పద్ధతికీ పునాది వేసిన వారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. ఐబీఎంలో సహచరులతో కలిసి 1976లో ఆయన ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి మూలాల్లో ఒకటి. 1998లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

అయితే పైన చెప్పిన మూడు పనులనూ ఉన్నవున్నట్టు ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తే ఆ రెండో ఆర్డరు ఆగదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలు అమరికలో, ఒక ట్రాన్సాక్షన్ ఇంకా ఖాయం చేయని మార్పు మరొకదానికి కనిపించదు. మొదటావిడ కొనుగోలు ముగిసేదాకా రెండో ప్రోగ్రాముకు పాత అంకె 1 మాత్రమే కనిపిస్తుంది. చదవడాన్ని ఎవరూ ఆపరు కూడా. మైసీక్వెల్‌లోనూ మామూలుగా చదివి, మామూలుగా రాస్తే ఇదే జరుగుతుంది. అందుకే చదివేటప్పుడే ఆ చీర వరుసకు లాక్ వేయాలి.

```sql
BEGIN;
SELECT stock FROM sarees WHERE id = 41 FOR UPDATE;
UPDATE sarees SET stock = stock - 1 WHERE id = 41;
INSERT INTO orders (saree_id, buyer_id) VALUES (41, 7);
COMMIT;
```

ఇందులో కీలకం `FOR UPDATE`. ఈ వరుసను మార్చబోతున్నాను, నా పని అయ్యేదాకా ఇంకెవరికీ ఇవ్వకు అని డేటాబేస్‌కు చెప్పడమది. రెండో ప్రోగ్రాము అదే మాట అడిగినప్పుడు అక్కడే ఆగిపోతుంది. `COMMIT` అయ్యాక దానికి వంతు వస్తుంది. అప్పుడు కనిపించేది 0. చదివిన అంకె సున్నా అయితే ప్రోగ్రాము కింది వరుసల్లోకి పోకుండా `ROLLBACK` చేసి, చీర అమ్ముడైపోయిందని చెప్పాలి. లాక్ పడేది 41వ చీరకే. మిగతా చీరలు కొనేవారికి దీనితో పనిలేదు. ఊరికే పేజీ తెరిచి చూసేవారు కూడా ఆగరు.

ఒక్క వస్తువు అమ్మకానికి మాత్రం నాకు ఇంతకంటే నచ్చే దారి ఇంకొకటుంది. చూడటం, తగ్గించడం అనే రెండడుగులను ఒకే వాక్యంగా మార్చేయడం.

```sql
UPDATE sarees SET stock = stock - 1
WHERE id = 41 AND stock > 0;
```

ఈ వాక్యం నడిచాక ఎన్ని వరుసలు మారాయో డేటాబేస్ చెబుతుంది. 1 అంటే చీర దక్కింది. 0 అంటే దక్కలేదు. వరుసను మార్చేటప్పుడు డేటాబేస్ తనంతట తానే లాక్ వేస్తుంది. వెనక వచ్చినవారు ఆగి, తమ వంతు వచ్చాక షరతును కొత్త అంకె మీద మళ్లీ పరీక్షించుకోవాల్సిందే. ఆర్డరు రాయడం కూడా ఇదే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. మారిన వరుసల సంఖ్యను చూడకుండా ఆర్డరు రాసేస్తే ఇంత శ్రమా వృథా. దీనికి తోడు స్టాకు సున్నా కంటే తగ్గకూడదని పట్టికకే `CHECK (stock >= 0)` అని నిబంధన పెడితే, తగ్గించే లెక్కలో ఇంకెక్కడో పొరపాటు చేసినా డేటాబేస్ ఒప్పుకోదు.

ఇక్కడ తరచూ జరిగే పెద్ద పొరపాటొకటి ఉంది. లాక్ వేసి, దాన్ని పట్టుకునే డబ్బు చెల్లింపు కోసం ఎదురుచూడటం. యూపీఐ పిన్ కొట్టడానికి ఒకరికి రెండు నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఫోన్ పక్కన పడేయొచ్చు కూడా. అంతసేపూ ఆ చీర కోసం వచ్చినవారంతా తిరిగే చక్రం చూస్తూ కూర్చుంటారు. మైసీక్వెల్ మామూలుగా 50 సెకన్లు ఆగి వారికి ఎర్రర్ ఇచ్చేస్తుంది. లాక్ అనేది మిల్లీసెకన్లలో తేలిపోయే పనికే. చెల్లింపుకు మరో ఏర్పాటు కావాలి. స్టాకు తగ్గించి, చీరను పది నిమిషాలపాటు ఆవిడ పేరిట పక్కన పెట్టినట్టు గడువుతో సహా రాసి, ట్రాన్సాక్షన్ ముగించేయాలి. గడువులోగా డబ్బు అందితే ఆర్డరు ఖాయం. అందకపోతే చీర తిరిగి అమ్మకానికి వస్తుంది. ఆ తర్వాత ఆలస్యంగా డబ్బు వచ్చిందా, వెనక్కి పంపాల్సిందే.

ఇవన్నీ మీ ఇంట్లోనే కంటితో చూడొచ్చు. పోస్ట్‌గ్రెస్ ఉన్న కంప్యూటర్‌లో రెండు కిటికీలు తెరిచి, మొదటి దానిలో `BEGIN`, ఆపైన `FOR UPDATE` వాక్యం నడపండి. రెండో దానిలోనూ అవే నడపండి. రెండోది కదలకుండా నిలబడుతుంది. మొదటి దానిలో స్టాకు తగ్గించి `COMMIT` కొట్టగానే రెండో కిటికీలో కొత్త అంకె ప్రత్యక్షమవుతుంది.

సొంత చేతిపని వస్తువులు, చీరలు, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముకునేవారు మన దగ్గర ఎందరో ఉన్నారు. అందరూ ప్రోగ్రాములు రాయనక్కర్లేదు. వెబ్‌సైటు చేసిపెట్టినవారిని ఒక్క ప్రశ్న అడగండి: స్టాకు ఒకటే ఉన్నప్పుడు ఇరవైమంది ఒకేసారి కొనేలా పరీక్షించి చూశారా? చూడలేదంటే, పండగ అమ్మకాలు మొదలుకాకముందే ఆ పరీక్ష చేయించండి.