మూడు కిలోల గీత

భివండీలో ధామన్కర్ నాకా చుట్టుపక్కల తెలుగు బాగానే వినిపిస్తుంది. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ పద్మనగర్ అక్కడికి దగ్గరే. ఇలాంటి ఊళ్లో 1990లలో ఒక పిల్లవాడి ఇంటికి నెలనెలా బియ్యం వస్తుందో రాదో చెప్పిన యంత్రానికి మోటారు లేదు. అది హాజరు పట్టీ. పైన తేదీలు, పక్కన పేర్లు. పొద్దున వస్తే గడిలో ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం కూడా ఉంటే దాన్ని కోస్తూ ఇంకో గీత.

ఈ గీతలకు డబ్బు లెక్క గట్టిగా ముడిపడింది 1862లో, ఇంగ్లండులో. రాబర్ట్ లో తెచ్చిన నిబంధనావళి ప్రకారం బడులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బులో ఒక వాటా సగటు హాజరును బట్టి వచ్చేది. పరీక్ష మీద వచ్చే వాటాకు పిల్లవాడు ఏడాదిలో 200 పూటలకు పైగా బడికి వచ్చి ఉండాలి. రోజులు కాదు, పూటలు. అప్పటి నుంచి పట్టీ ఖాతా పుస్తకంతో సమానమైంది.

మన దగ్గర అది బియ్యపు ఖాతా కూడా అయింది. 1995 ఆగస్టు 15న కేంద్రం ప్రాథమిక బడుల పిల్లలకు ఆహార పథకం మొదలుపెట్టింది. వండి పెట్టలేని రాష్ట్రాలు నెలకు 3 కిలోల గింజలు ఇంటికివ్వవచ్చు, కానీ ఆ నెలలో హాజరు 80 శాతానికి తగ్గకూడదు. మహారాష్ట్రలోనూ కొన్నేళ్లు బియ్యమే పంచారు.

ఒక నెల తీసుకుందాం. బడి 22 రోజులు నడిచింది, అంటే 44 పూటలు. ఒక పిల్లవాడు 35 పూటలు వచ్చాడు. 35ను 44తో భాగిస్తే 79.55 శాతం. చేత్తో లెక్కవేసే టీచరు సహజంగా దాన్ని 80 అని రాసేస్తారు, బియ్యం వచ్చేస్తుంది. అదే పట్టీ తనిఖీ అధికారి చూస్తే రాదంటారు. తగాదా పిల్లవాడి గురించి కాదు, దశాంశం తర్వాతి అంకెల గురించి.

దీన్ని తప్పించుకోవాలంటే అసలు భాగించకుండా ఉండడమే మేలు. 80 శాతం రావాలంటే మానిన పూటలు మొత్తంలో అయిదో వంతు దాటకూడదు. కాబట్టి మానిన పూటలను అయిదుతో గుణించి మొత్తం పూటలతో పోల్చితే చాలు. మనవాడు మానినవి 9. తొమ్మిదయిదులు 45, 44 కంటే ఒకటి ఎక్కువ. కాబట్టి అర్హత లేదు. 8 పూటలు మాని ఉంటే 40, దర్జాగా ఉంది. 75 శాతం హద్దయితే అయిదుకు బదులు నాలుగుతో గుణిస్తారు.

ఇదే సూత్రం చిన్న నెలల కఠినత్వాన్ని కూడా బయటపెడుతుంది. దీపావళి సెలవులు పోగా 10 రోజులే నడిచిన నెలలో 20 పూటలుంటాయి. రెండు రోజులు మానితే నాలుగు పూటలు, సరిగ్గా హద్దు మీద నిలుస్తాడు. మూడో రోజు మానితే పోయినట్టే. పండక్కి సొంతూరు వెళ్లి వచ్చే వలస కుటుంబానికి ఈ మూడో రోజు రైల్లోనే గడిచిపోవచ్చు. నెలను ప్రమాణంగా పెట్టినవాళ్లు ఈ సంగతి ఆలోచించినట్టు కనిపించదు.

పట్టీలో ఒక స్వీయ పరీక్ష ఉంది. రోజువారీ మొత్తాలను కూడితే వచ్చేదీ, పిల్లల మొత్తాలను కూడితే వచ్చేదీ ఒకటే కావాలి. తేడా వస్తే ఎక్కడో కూడిక తప్పింది. కానీ ఒకే రోజు రాని పిల్లకు గీత పెట్టి, వచ్చిన పిల్లకు పెట్టకపోతే రెండు మొత్తాలూ చక్కగా కలుస్తాయి, తప్పు దాక్కుంటుంది. దయతో గీసిన దొంగ గీత కూడా అంతే. గీత పెట్టినప్పుడే రోజు మొత్తాన్నీ దానికి తగ్గట్టు రాసుకుంటే లెక్క ఏమీ పట్టివ్వదు. తొమ్మిదో పూట మానినవాడిని చూస్తూ కలం పట్టుకున్న టీచరుకు ఆ గీత ఎంత బరువో ఊహించవచ్చు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. అన్నం ముందు 80 శాతం హద్దుకు పని లేకుండా పోయింది. ఆ రోజు బడిలో ఉన్నవాడు తింటాడు. టీచరుకు కావలసింది నెల శాతం కాదు, ఈ పూట ఎందరున్నారన్న లెక్క.

హద్దు మాత్రం పూర్తిగా చావలేదు. మహారాష్ట్రలో పదో తరగతి పరీక్షకు కూర్చోవడానికి 75 శాతం హాజరు అడుగుతారు. ఇప్పుడు హాజరు ఫోన్లలోకి కూడా వెళ్తోంది, గుణకారం యంత్రమే చేస్తుంది. అయినా దేనితో భాగించాలో మనిషే చెప్పాలి. ఊరు మారి నెల మధ్యలో చేరిన పిల్లకు బడి 24 రోజులు నడిచిన నెలలో 13 రోజులే మిగిలాయనుకోండి. 12 రోజులు వచ్చింది. 13తో భాగిస్తే 92 శాతం, 24తో భాగిస్తే 50. చేరిన తేదీని నింపే గడి ఖాళీగా వదిలేస్తే, ఒక్క రోజే మానిన పిల్ల సగం నెల ఎగ్గొట్టిన పిల్లవుతుంది.