గీతలు వంకరగా కనిపిస్తుంటే ఆపరేషన్ ఎప్పుడు?

తలుపు అంచు తిన్నగానే ఉంటుంది. ఒక కన్ను మూసి రెండో కంటితో చూస్తే మాత్రం మధ్యలో వంగినట్టు కనిపిస్తుంది. కొత్త కళ్లజోడు పెట్టినా ఆ వంకర పోదు. లోపం రెటీనా నడిమధ్యన ఉన్న మాక్యులాలో ఉంటుంది. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి పనికొచ్చే చూపంతా అక్కడిదే.

కంటి లోపలి జెల్ యాభై దాటాక పలచబడి రెటీనా నుంచి విడిపోతుంది. విడిపోయాక కొందరిలో మాక్యులా మీద పలుచని పొర పెరుగుతుంది. చీరకు కుట్టిన ఫాల్ ఉతికాక ముడుచుకుపోతే చీర అంచు కూడా ముడతలు పడుతుంది కదా, ఈ పొర కూడా రెటీనాను అలాగే ముడతలు పెడుతుంది. మరికొందరిలో జెల్ సులువుగా వదలక మాక్యులాను లాగి చిన్న రంధ్రం చేస్తుంది. అప్పుడు గీతలు వంకరపోవడమే కాక, చూసే అక్షరమే మాయమవుతుంది. రెండింటినీ విడదీసి చూపేది ఓసీటీ స్కాన్. వంకర హఠాత్తుగా మొదలైతే కొద్ది రోజుల్లోనే డాక్టరుకు చూపించాలి. రెటీనా కింద ద్రవం, రక్తం చేరినా గీతలు ఇలాగే కనిపిస్తాయి. దానికి వెంటనే ఇంజెక్షన్లు కావాలి.

పొరకు తొందర లేదు. 64 ఏళ్ల ఉపాధ్యాయిని ఒకరికి ఎడమ కంట్లో పొర ఉందనీ, చూపు 6/9 ఉందనీ, రెండు కళ్లతో చదివితే ఇబ్బంది లేదనీ అనుకుందాం. ఆమెకు ఆపరేషన్ అక్కర్లేదు. కొన్ని నెలలకోసారి స్కాన్ చాలు. ఏడాది తర్వాత చూపు 6/18కి పడిపోయి, ఆ కన్ను మూస్తే తప్ప చదవలేకపోతే లెక్క మారుతుంది. విట్రెక్టమీ చేసి, జెల్ తీసి, పొరను సన్నని పట్టకారుతో ఒలుస్తారు. చూపు నెలల మీద మెల్లగా మెరుగవుతుంది. వంకర తగ్గుతుంది గానీ, పూర్తిగా పోతుందని ఆశించకూడదు.

రంధ్రం సంగతి వేరు. చిన్నవి కొన్ని వాటంతటవే పూడినా, చాలావరకు పెద్దవవుతాయి. వెడల్పు 400 మైక్రాన్లు దాటినా, నెలల తరబడి వదిలేసినా ఫలితం తగ్గుతుంది. అందుకే పూర్తి మందాన రంధ్రం పడిందని తేలితే వారాల్లోనే ఆపరేషన్ గురించి తేల్చుకోవడం మంచిది. ఇందులో కంట్లో గ్యాస్ బుడగ నింపుతారు. కొన్ని రోజులు తల వంచి ఉండమంటారు. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండ ప్రాంతాలకు వెళ్లకూడదు. వేరే ఏ ఆపరేషన్‌కు మత్తు ఇస్తున్నా, కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. పదింట తొమ్మిది రంధ్రాల దాకా పూడతాయి. పూడినంత మాత్రాన పాత చూపంతా రాదు.

రెండు ఆపరేషన్ల తర్వాతా యాభై దాటిన వారికి ఒకటి రెండేళ్లలో శుక్లం ముదరడం మామూలే. రెటీనా ఊడే ప్రమాదం తక్కువే గానీ ఉంది. కాబట్టి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టరును అడగాల్సినవి మూడు: ఉన్నది పొరా, రంధ్రమా? కిందటి స్కాన్‌తో పోలిస్తే ఎంత మారింది? నాకు కష్టమవుతున్న పనిలో ఎంత మేలు ఆశించవచ్చు?