లాభం జమయింది, నమ్మకం మాటేమిటి?

గుంటూరులో ఇద్దరు సగం సగం వాటాతో మిర్చి వ్యాపారం చేస్తున్నారనుకుందాం. యార్డులో సరుకు కొనేది ఒకరు, బయటి ఊళ్ల పార్టీలకు అమ్మేది మరొకరు. ఇద్దరిలో ఎవరూ సొంతంగా మిర్చి అమ్మకూడదన్నది ఒప్పందం. రెండో ఆయన మాత్రం ఫర్మ్ పార్టీకే వంద టిక్కీలు గుట్టుగా అమ్మి లక్ష రూపాయలు మిగుల్చుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ రసీదు మీద పేరు చూసి మొదటాయన పట్టుకున్నాడు.

చట్టం దృష్టిలో లెక్క తేలికే. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అలాంటి లాభాన్ని ఫర్మ్‌కు కట్టాలని 1932 నాటి భాగస్వామ్య చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. కట్టాల్సింది ఫర్మ్‌కు, భాగస్వామికి కాదు. అంటే జమ చేసిన లక్షలో యాభై వేలు మళ్లీ ఆయన వాటాకే వస్తాయి. పోయిన యాభై వేలూ మొదటినుంచీ ఆయనవి కావు. డబ్బు కట్టాక కూడా మొదటాయన మనసు కుదుటపడలేదంటే వింతేముంది?

క్షమాపణల మీద రాయ్ లెవికీ బృందం 2016లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించింది. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ విలువ ఉందని, నష్టం పూడుస్తాననడం దాని తర్వాతిదని తేలింది. క్షమించమని అడగడం చివరన నిలిచింది. చేతకాక చేసిన తప్పుకు పనిచేసినంతగా, మోసానికి క్షమాపణ పనిచేయదని 2004లో వచ్చిన మరో పరిశోధన చూపింది. ఒప్పుకోలే మోసానికి సాక్ష్యమైపోతుంది కదా!

అందుకే ‘ఏదో జరిగిపోయింది బావా, మనసులో పెట్టుకోకు’ అంటే సరిపోదు. ‘ఆ సరుకు నేనే అమ్మాను. నీకు తెలియకూడదనే నా పేరున పెట్టించాను. నిరుడు ఇంకో లాటు కూడా అమ్మాను, బిల్లు ఇదిగో’ అంటే వేరు. నా లెక్కలో అసలు క్షమాపణ ఆ చివరి మాటే. దొరికినదాన్ని ఒప్పుకోవడంలో గొప్పేముంది? దొరకనిదాన్ని బయటపెట్టినప్పుడే ఎదుటివాడికి కొత్తగా నమ్మడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

తర్వాతి పని కాగితాల్లోది. ఫర్మ్ పుస్తకాలు చూసే హక్కు ప్రతి భాగస్వామికీ ఉంది, కానీ దొంగచాటు అమ్మకం ఆ పుస్తకాల్లో ఉండదు. కాబట్టి ఆయన సొంత బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి, పార్టీల ఖాతాలతో సరిచూపించాలి. ఒక సీజను పాటు ఇద్దరి సంతకాలుంటేనే కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు కదలాలి. పార్టీలతో మొదటాయన కూడా నేరుగా మాట్లాడాలి. ఇవన్నీ అనుబంధ ఒప్పందంగా రాసుకోవాలి. ఫర్మ్ రిజిస్టరై ఉండటం ముఖ్యం. లేకపోతే 69వ సెక్షన్ ప్రకారం ఆ షరతులను అమలు చేయమని భాగస్వామి మీద దావా వేయడం కుదరదు.

సీజను ముగిశాక లెక్కలు సరిపోతే జంట సంతకం ఎత్తేయాలి. ఎప్పటికీ ఉంచితే ఆయన భాగస్వామి కాదు, కాపలాలో ఉన్న గుమస్తా. ఈలోగా చెప్పని లాటు ఇంకొకటి బయటపడితే మాత్రం మళ్లీ పంచాయితీ దండగ. గడువు పెట్టుకోని భాగస్వామ్యమైతే, రద్దుకు ఒక్క రాతపూర్వక నోటీసు చాలు.