ఒకే గోడౌను, రెండు విపణులు

శ్రమకు విపణి ఒక్కటేనని, అందులో నైపుణ్యం గలవానికి ఎక్కువ కూలి, లేనివానికి తక్కువ కూలి లభిస్తాయని సాధారణంగా భావిస్తారు. 1971లో అమెరికా ఆర్థికవేత్తలు పీటర్ డోరింజర్, మైకేల్ పియోర్ ఈ భావనను ప్రశ్నించారు. పేదవాడలలోని వారికి పని దొరకకపోవడం కాదు, దొరికిన పని నిలవకపోవడమే అసలు సమస్య అని వారు గ్రహించారు. స్థిరత్వం, క్రమోన్నతి గల ఉద్యోగాలను ప్రాథమిక విపణి అనీ, అవి కొరవడిన వాటిని ద్వితీయ విపణి అనీ పేర్కొన్నారు. దీనినే ద్వంద్వ శ్రామిక విపణి సిద్ధాంతం అంటారు.

పారిశ్రామిక సమాజశాస్త్రపు అసైన్‌మెంటు కోసం ఒక విద్యార్థి తాడేపల్లిగూడెంలోని ఒక నూనె మిల్లును పరిశీలించాడని అనుకుందాము. గోడౌనులో ఇద్దరు పక్కపక్కనే డబ్బాలు ఎత్తుతున్నారు. ఒకరు ఏలూరు నుంచి వచ్చే పర్మినెంటు కార్మికుడు. రెండవవాడు కొల్లేటి లంకకు చెందిన కాంట్రాక్టు యువకుడు. 2006లో ప్రభుత్వం కొల్లేటిలోని అక్రమ చేపల చెరువులను ధ్వంసం చేసినపుడు అతని తండ్రికి చెరువుగట్టు మీది పని పోయింది.

ఇద్దరి మధ్య తేడాను చదువుతోనో నేర్పుతోనో వివరించబోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఎత్తే డబ్బా ఒక్కటే, బరువూ ఒక్కటే. తేడా హాజరు పట్టీలో ఉంది. మొదటివాని పేరు మిల్లు పట్టీలో ఉంటుంది. ఏటా ఇంక్రిమెంటు వస్తుంది, సర్వీసు పెరుగుతుంది. రెండవవాని పేరు కాంట్రాక్టరు పట్టీలో ఉంటుంది. కాంట్రాక్టరు మారినపుడల్లా అతని లెక్క మొదటికి వస్తుంది. పదేళ్ళు పనిచేసినా కాగితం మీద అతడు కొత్తవాడే! పని నిలవనివానికి యాజమాన్యం శిక్షణ ఇవ్వదు. శిక్షణ లేనివాడు పైమెట్టు ఎక్కలేడు.

అయితే పట్టీని మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. అతనికి పని పురమాయించేదెవరు? సెలవు ఇచ్చేదెవరు? తీసివేసేదెవరు? ఇవన్నీ మిల్లు సూపర్‌వైజరే చేస్తూ, కాంట్రాక్టరు వేతనం పంచడానికే పరిమితమైతే ఆ కాంట్రాక్టు నామమాత్రమేమో అనుమానించాలి. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని స్పష్టం చేసింది. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు తమంత తాము పర్మినెంటు కారనీ, కాంట్రాక్టు బూటకమని రుజువైతే మాత్రం వారు అసలు యజమాని ఉద్యోగులేననీ తీర్పు చెప్పింది. రుజువు చేయవలసిన భారం ఆచరణలో ఆ యువకునిపైనే పడుతుంది. తన పేరు లేని పట్టీలతోనే అతడు తన వాదన వినిపించాలి.

ఈ సిద్ధాంతానికి పరిమితి కూడా ఉంది. జనపనార మిల్లులలో బదిలీ కార్మికులు అనే వర్గం ఒకటి కనిపిస్తుంది. పర్మినెంటువారు రానిరోజున వీరిని పిలుస్తారు. వీరి పేరు మిల్లు పట్టీలోనే ఉంటుంది, కాని రేపటి పనికి హామీ ఉండదు. ఖాళీ ఏర్పడినపుడు పర్మినెంటు అయ్యే అవకాశం మాత్రం ఉంటుంది. వీరిని ఏ విపణిలో చేర్చాలో రెండే గదులున్న ఈ సిద్ధాంతం తేల్చలేదు.