నాటు టమాటా పప్పు: పులుపు ఎప్పుడు వెయ్యాలి?

మన పొలంలో పండిన కందిపప్పు, నాటు టమాటాలతో పప్పు ఎలా చెయ్యాలో పైన వీడియోలో చూపించాను. నిజానికి ఇది రెండోసారి తీసిన వీడియో. మొదటిసారి పప్పు, టమాటా కలిపి ఒకే గిన్నెలో ఉడికించమని చెప్పాను. చూసి చేసిన చాలామంది "గంటైనా పప్పు పలుకుగానే ఉందండీ" అన్నారు. మళ్లీ చేసి చూస్తే మా ఇంట్లోనూ అంతే అయింది.

తప్పు పప్పుది కాదు, పులుపుది. గింజలో పెక్టిన్ అనే జిగురు లాంటి పదార్థం ఉంటుంది. అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు దాన్ని కరగనివ్వదు. కుక్కర్‌లో అధిక వేడి వల్ల ఈ తేడా అంతగా తెలియదు. మూత లేని గిన్నెలో, అదీ బాగా పుల్లగా ఉండే నాటు కాయలతో చేస్తే వెంటనే తెలిసిపోతుంది. అందుకే స్క్రిప్ట్ మార్చాను. వీడియో పరుగెత్తినా పొయ్యి మీద ఎంతసేపు పడుతుందో ఈసారి తెర మీద విడిగా వేశాను.

0:00 – తెర మీద: కందిపప్పు 1 కప్పు, నీళ్లు 3 కప్పులు, పసుపు పావు చెంచా. పప్పు కడిగి అరగంట నానబెట్టాలి.

0:25 – తెర మీద: "పొయ్యి మీద 35–40 నిమిషాలు". నానిన పప్పు, పసుపు వేసి ఉడికించాలి. ఉప్పు, టమాటా ఇప్పుడు వెయ్యకూడదు. నీళ్లు తగ్గితే వేడి నీళ్లే పొయ్యాలి.

0:50 – గింజను వేళ్ల మధ్య నొక్కి చూపించే షాట్. నడుమ పలుకు తగిలితే ఇంకా ఆగాలి. గడియారం కన్నా ఈ గుర్తే ముఖ్యం, ఎందుకంటే పాత పప్పుకి ఎక్కువసేపు పడుతుంది.

1:10 – తెర మీద: నాటు టమాటాలు పావు కిలో, పచ్చిమిర్చి 4, "10 నిమిషాలు". పక్క పొయ్యి మీద వేరే గిన్నెలో కొంచెం నూనె వేసి, తొక్క ముడుచుకునేదాకా మగ్గించాలి.

1:35 – తెర మీద: ఉప్పు తగినంత, "5 నిమిషాలు". పప్పుగుత్తితో మెదిపిన పప్పులో టమాటా కలిపి ఉడకనివ్వాలి. రుచి చూశాకే చింతపండు సంగతి ఆలోచించండి. మాకైతే అవసరం పడలేదు.

1:55 – తెర మీద: గానుగ నూనె 2 చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి 2, వెల్లుల్లి 5 రెబ్బలు, ఇంగువ, కరివేపాకు. ఆవాలు చిటపటలాడాక మిగతావి వేసి, వెల్లుల్లి ఎర్రబడగానే పప్పులో కలిపి మూత పెట్టెయ్యాలి.

పాత వీడియో చూసి టమాటా ముందే వేసేసి ఉంటే పారబొయ్యకండి. కుక్కర్‌లోకి మార్చి నాలుగైదు విజిల్స్ రానివ్వండి, చాలావరకు మెత్తబడుతుంది. ఈసారి ఎలా వచ్చిందో మాత్రం కింద రాయండి.